నాలుగు బై ఆరు కాగితం మీద ఎనిమిది ఫొటోలు

నాలుగు బై ఆరు అంగుళాల ఫొటో పేపరు మీద పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు ఎన్ని పడతాయి? కాగితం 102 మిల్లీమీటర్లకు 152 మిల్లీమీటర్లు ఉంటుంది. ఫొటో వెడల్పు 35, ఎత్తు 45. కాగితాన్ని నిలువుగా పెడితే వరసకు మూడు పెట్టాలనిపిస్తుంది. కానీ మూడు 35లు 105. మూడంటే మూడు మిల్లీమీటర్లు చాలక మూడో ఫొటో బయటికి పోతుంది. అలా పెడితే వరసకు రెండు చొప్పున మూడు వరసలు, మొత్తం ఆరు ఫొటోలే. అదే కాగితాన్ని అడ్డంగా తిప్పితే లెక్క మారిపోతుంది. నాలుగు 35లు 140, ఇంకా 12 మిగులు. రెండు 45లు 90, అక్కడా 12 మిగులు. ఎనిమిది ఫొటోలు సుఖంగా సర్దుకుంటాయి.

ఆ మిగిలిన 12 మిల్లీమీటర్లను ఎలా పంచుతామన్నది ఈ పనిలో సగం. ఫొటోలో తల ఎంత పెద్దగా ఉండాలో ముందే తేల్చుకోవడం మిగతా సగం. ఇంట్లో ప్రింటరు ఉన్నవాళ్లు చాలామంది ఈ రెండూ వదిలేసి, ముఖం చక్కగా కనిపిస్తోందా లేదా అన్నదే చూస్తారు. దరఖాస్తు తీసుకునేవాళ్లు చూసేది కొలత. ఫొటో ఎంత బాగున్నా తల చిన్నదైతే తిప్పి పంపుతారు.

మన దేశంలో పాస్‌పోర్టు కోసం వెళ్లే పెద్దవాళ్లకు ఇప్పుడు ఫొటో అక్కర్లేదు, పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలోనే తీస్తారు. నాలుగేళ్లలోపు పిల్లలకు మాత్రం తెల్లటి బ్యాక్‌గ్రౌండ్‌తో 4.5 బై 3.5 సెంటీమీటర్ల ఫొటో తీసుకెళ్లాలి. స్టూడియోలో లైట్లు వెలగగానే ఏడుపు లంకించుకునే వయసు అది. నిద్ర లేచి, పాలు తాగి, కాస్త హుషారుగా ఉన్నప్పుడు ఇంట్లోనే తీసేయడం తల్లికీ బిడ్డకీ సుఖం. అందుకే ఇక్కడ ఒక పసివాడి ఫొటోనే ఉదాహరణగా తీసుకుంటున్నాను. మా పక్కింటి అమ్మాయి భర్తకు మస్కట్‌లో ఉద్యోగం. రెండేళ్ల కొడుకును తీసుకుని అక్కడికి వెళ్లడానికి వాడికి పాస్‌పోర్టు కావాల్సి వచ్చింది. నెట్ సెంటర్‌లో ఒకసారి ప్రింట్ తీయించుకుని, అది పనికి రాకపోవడంతో ఆ ఫొటోలు పట్టుకుని మా ఇంటికి వచ్చింది.

ఫొటో తీయడం గురించి రెండే మాటలు. ముడతల్లేని తెల్ల దుప్పటి పరిచి బిడ్డను దాని మీద పడుకోబెట్టి, కిటికీ వెలుగులో పైనుంచి తీస్తే గోడ మీద పడే నీడ బెడద ఉండదు. తీసేవాళ్ల నీడ మాత్రం పడకుండా చూసుకోవాలి. ముఖం దగ్గరికి ఫోను పెట్టకూడదు, అలా తీస్తే ముక్కు ఉబ్బి చెవులు వెనక్కి పోయినట్టు వస్తాయి. కాస్త దూరంగా ఉండి, తల చుట్టూ ధారాళంగా చోటు వదిలి తీయాలి. క్రాప్ చేసేటప్పుడు అనవసరమైనదాన్ని కోసేయగలం గానీ లేని చోటును తెచ్చి అతికించలేం. తీసిన ఫొటోను కంప్యూటరుకు పంపేటప్పుడు వాట్సాప్‌లో మామూలు ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపాలి. లేకపోతే దారిలోనే కుదించేస్తుంది.

ఇక తల సంగతి. ప్రయాణ పత్రాల ఫొటోలకు అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ పెట్టిన ప్రమాణం ప్రకారం గడ్డం నుంచి నడినెత్తి దాకా ఉండే దూరం ఫొటో ఎత్తులో 70 నుంచి 80 శాతం ఉండాలి. 45 మిల్లీమీటర్ల ఫొటోలో అది 31.5 నుంచి 36 మిల్లీమీటర్లు. నడినెత్తి అంటే పుర్రె పైభాగం. దువ్వి పైకి లేపిన జుట్టును, పిల్లలకు వేసే పిలకను అందులో కలపకూడదు. దరఖాస్తులోనో వెబ్‌సైటులోనో వేరే శాతం రాసి ఉంటే దాన్నే పాటించాలి. అలాంటిదేమీ లేనప్పుడు నేను 33 మిల్లీమీటర్లు పెట్టుకుంటాను. ప్రింటరు కాస్త పెంచినా కాస్త తగ్గించినా తల ఆ హద్దుల్లోనే ఉంటుంది.

ఇప్పుడు పిల్లాడి ఫొటోను `GIMP` అనే ఉచిత సాఫ్ట్‌వేరులో తెరిచాం. ఫోనులో తీసిన ఆ ఫొటో 3000 పిక్సెళ్ల వెడల్పు, 4000 ఎత్తు. తల కొంచెం పక్కకు వాలి ఉంటే, రెండు కళ్లూ ఒకే మట్టానికి వచ్చేలా ముందే తిప్పుకోవాలి. క్రాప్ చేశాక తిప్పితే మూలలు ఖాళీ అవుతాయి. తర్వాత మౌస్‌ను నడినెత్తి మీద పెడితే కింద ఎడమ మూలలో రెండు అంకెలు కనిపిస్తాయి. రెండోది పైనుంచి ఎంత దూరమో చెబుతుంది. అక్కడ 900 ఉంది. గడ్డం చివర పెడితే 2000. అంటే తల ఎత్తు 1100 పిక్సెళ్లు.

ఈ 1100 పిక్సెళ్లే కాగితం మీద 33 మిల్లీమీటర్లు కావాలి. అప్పుడు ఒక మిల్లీమీటరుకు దాదాపు 33.3 పిక్సెళ్లు. 45 మిల్లీమీటర్ల ఎత్తుకు 1500 పిక్సెళ్లు, 35 మిల్లీమీటర్ల వెడల్పుకు 1167 పిక్సెళ్లు కావాలి. లెక్క అంతే. ఇంకొకరి ఫొటోలో తల ఎత్తు 800 పిక్సెళ్లే ఉండొచ్చు, అప్పుడు కూడా సూత్రం ఇదే: తల ఎత్తును 33తో భాగించి, వచ్చినదాన్ని 45తో గుణిస్తే క్రాప్ ఎత్తు, 35తో గుణిస్తే క్రాప్ వెడల్పు.

ఎంత కోయాలో తేలింది, ఎక్కడ కోయాలో తేలాలి. 45లో తలకు 33 పోతే 12 మిల్లీమీటర్లు మిగులుతాయి. దాన్ని తలపైనా గడ్డం కిందా సమానంగా పంచితే ముఖం కిందికి జారినట్టు కనిపిస్తుంది, భుజాలకు చోటుండదు. నెత్తి పైన 4, గడ్డం కింద 8 వదిలితే చూడటానికి కుదురుగా ఉంటుంది. 4 మిల్లీమీటర్లంటే 133 పిక్సెళ్లు. నడినెత్తి 900 దగ్గర ఉంది కాబట్టి క్రాప్ 767 దగ్గర మొదలవుతుంది. అడ్డానికి ముక్కు మధ్యగీతను పట్టుకోవాలి. అది 1480 దగ్గర ఉంది. 1167లో సగం 583 తీసేస్తే ఎడమ అంచు 897. `GIMP`లో క్రాప్ పనిముట్టు ఎంచుకుంటే పక్కనే `Position`, `Size` అనే గడులుంటాయి. మొదటిదాంట్లో 897, 767, రెండోదాంట్లో 1167, 1500 టైపు చేసి ఎంటర్ కొడితే పని పూర్తయినట్టే. కంటి అంచనాతో మౌస్ లాగడం కంటే ఇది తేలిక, ఖచ్చితం కూడా.

నాణ్యత చాలుతుందా అన్న సందేహం చాలామందికి వస్తుంది. మంచి ఫొటో ప్రింటుకు అంగుళానికి 300 పిక్సెళ్లు ఉంటే చాలు. ఆ లెక్కన 35 బై 45 ఫొటోకు 413 బై 531 పిక్సెళ్లు సరిపోతాయి. మన దగ్గర దానికి రెండున్నర రెట్లకు పైగానే ఉంది. కాబట్టి కుదించాల్సిన పని లేదు, ఉన్నదున్నట్టు సేవ్ చేసుకోవచ్చు. బ్యూటీ ఫిల్టర్లు, చర్మాన్ని నున్నగా చేసే మీటలు మాత్రం ముట్టుకోకూడదు.

పేర్చే పనిని నేను ఫొటో సాఫ్ట్‌వేరులో చేయను. `LibreOffice Draw` ఉచితంగా దొరుకుతుంది, పైగా అది మిల్లీమీటర్లలో మాట్లాడుతుంది. కొత్త పేజీ తెరిచి, `Page Properties`లో వెడల్పు 152 mm, ఎత్తు 102 mm ఇచ్చి, మార్జిన్లన్నీ సున్నా చేయాలి. క్రాప్ చేసిన ఫొటోను అందులోకి తెచ్చి F4 నొక్కితే `Position and Size` అనే పెట్టె తెరుచుకుంటుంది. వెడల్పు 35 mm, ఎత్తు 45 mm అని అక్కడ రాస్తే అంతకు వెంట్రుకవాసి తేడా రాదు.

ప్రింటర్లలో చాలావాటికి కాగితం అంచు నుంచి 3 మిల్లీమీటర్ల దాకా సిరా చేరదు. అందుకే మిగిలిన 12లో మూడేసి ఇటూ అటూ అంచులకు ఇచ్చేస్తాను. ఉన్న ఆరింటిని నాలుగు ఫొటోల మధ్య మూడు సందులకు పంచితే సందుకు రెండేసి వస్తాయి. ఎడమ నుంచి ఫొటోల స్థానాలు 3, 40, 77, 114. నాలుగోది 149 దగ్గర ముగుస్తుంది, ఆ తర్వాత మూడు మిల్లీమీటర్ల అంచు. పైనుంచి మొదటి వరస 3 దగ్గర, రెండో వరస 50 దగ్గర. రెండో వరస 95తో అయిపోతుంది, కింద ఏడు మిల్లీమీటర్లు మిగులుతాయి. అది కావాలనే అలా వదిలాను. ఆ పట్టీలో, పైనుంచి 97.5 దగ్గర, సరిగ్గా 100 మిల్లీమీటర్ల పొడవున సన్నటి నల్లగీత ఒకటి గీయాలి. దాని పని ఏమిటో ప్రింట్ దగ్గర తెలుస్తుంది.

తెల్ల కాగితం మీద తెల్ల బ్యాక్‌గ్రౌండ్ ఉన్న ఫొటో వేస్తే దాని అంచు ఎక్కడుందో ఎవరికీ కనిపించదు. ఎక్కడ కోయాలో తెలియక చేతికొచ్చినట్టు కోస్తే ఒకటి 34, ఒకటి 37 అవుతుంది. అంచు చుట్టూ గీత పెడదామంటే అది ఫొటో మీదే ఉండిపోతుంది, బోర్డర్ ఉన్న ఫొటోలు చాలాచోట్ల చెల్లవు. దీనికి నాకు నచ్చిన ఉపాయం ఫొటోల వెనక లేత బూడిద రంగు చట్రం ఒకటి పరచడం. ఎడమ 3, పైన 3, వెడల్పు 146, ఎత్తు 92. దాన్ని అన్నింటికంటే వెనక్కి పంపితే సందుల్లో మాత్రమే బూడిద రంగు కనిపిస్తుంది. ప్రతి ఫొటో అంచు కత్తితో గీసినట్టు తేలుతుంది. కోసేటప్పుడు బూడిద రంగుకు వెంట్రుకవాసి లోపలగా కోస్తే ఫొటో మీద ఏ గుర్తూ మిగలదు.

ఇంతా చేసి చివర్లో ప్రింట్ మీట నొక్కేటప్పుడు చెడగొట్టుకునేవాళ్లే ఎక్కువ. పక్కింటి అమ్మాయి తెచ్చిన నెట్ సెంటర్ ఫొటోల్లో జరిగిందీ అదే. ముద్ర బాగుంది, రంగులు బాగున్నాయి.

"ఫొటో బాగానే ఉంది కదన్నా, ఎందుకు వద్దన్నారు?" అంది.

కోయకుండా మిగిలిన ఫొటో మీద స్కేలు పెట్టి చూపించాను. ముప్పై అయిదు ఉండాల్సిన వెడల్పు 33 దగ్గర ఆగింది, నలభై అయిదు ఉండాల్సిన ఎత్తు 42 దాటి కొంచెం ఉంది. షీటు మొత్తం ఒకే నిష్పత్తిలో చిక్కిపోయింది. పిల్లాడి తల కూడా దాంతోపాటే చిక్కింది.

కారణం ప్రింట్ పెట్టెలో ఉండే `Fit` అనే మాట. ఆ మాట ఉన్నంతసేపూ ప్రింటరు మన 152 బై 102 పేజీని తాను సిరా వేయగలిగిన చోటులో ఇరికించాలని చూస్తుంది. అంచులు మూడేసి పోతే ఆ చోటు 146 బై 96. ఎత్తు 102 నుంచి 96కు రావాలంటే అన్నింటినీ 94 శాతానికి తగ్గించాలి. 35 కాస్తా 32.9 అవుతుంది, 45 కాస్తా 42.3. మనం 33 పెట్టుకున్న తల 31కి దిగి, 31.5 హద్దు కిందికి జారిపోతుంది. కంటికి ఈ తేడా అస్సలు తెలియదు. మన 100 మిల్లీమీటర్ల గీతకు తెలుస్తుంది. దాని మీద స్కేలు పెడితే 94 చూపిస్తుంది.

కాబట్టి షీటును ముందు పీడీఎఫ్‌గా ఎగుమతి చేసి, పీడీఎఫ్ రీడరులో తెరిచి, ప్రింట్ పెట్టెలో `Actual size` ఎంచుకోవాలి. కొన్నిచోట్ల అది `100%` అని ఉంటుంది. విండోస్‌లో ఫొటో మీద కుడి మీట నొక్కి నేరుగా ప్రింట్ చేస్తే వచ్చే పెట్టెలో `Fit picture to frame` అని ముందే టిక్ పెట్టి ఉంటుంది. మన పనికి ఆ దారి వద్దు. ప్రింటరు సెట్టింగుల్లో కాగితం సైజు A4 అని ఉండిపోయిందేమో కూడా చూడాలి. ట్రేలో చిన్న కాగితం పెట్టి సెట్టింగులో పెద్దది ఉంచితే ఫొటోలు ఓ పక్కకు జరిగి సగం బయట పడతాయి.

బోర్డర్‌లెస్ అనే మీటకు ఇంకో గుణం ఉంది. అంచుల దగ్గర తెల్లటి చార రాకుండా ఉండాలని ప్రింటరు బొమ్మను కాగితం కంటే కొంచెం పెద్దది చేసి, ఎక్కువైనదాన్ని అంచుల బయట వదిలేస్తుంది. మామూలు కుటుంబ ఫొటోకు అది మంచిదే. కొలత ఫొటోకు కాదు. మూడు శాతం పెరిగితే 35 కాస్తా 36 అవుతుంది, గీత 103 చూపిస్తుంది. పెరిగిన ఫొటోను 35కే కోసుకోవచ్చు కదా అనిపిస్తుంది గానీ, కోస్తే చుట్టూ చోటు తగ్గుతుందే తప్ప తల తగ్గదు. మన పేర్పులో అంచులు ముందే వదిలాం కాబట్టి బోర్డర్‌లెస్ అవసరమే లేదు, తీసేయండి.

మొదటి ప్రింటు ఫొటో పేపరు మీద వేయకండి. మామూలు A4 కాగితాన్ని నాలుగు బై ఆరుకు కత్తిరించి దాని మీద వేసి, గీతను కొలవండి. వంద వస్తే ఫొటో పేపరు పెట్టొచ్చు. మా పక్కింటి పిల్లాడి షీటుకు గీత వంద దగ్గరే నిలిచింది, తల 33 వచ్చింది.

ఫొటో పేపరుకు ఒక పక్కనే పూత ఉంటుంది. నిగనిగలాడే ఆ వైపు సిరాను పీల్చి పట్టి ఉంచుతుంది. వెనక వైపు వేస్తే సిరా పైనే తేలి, గంటలు గడిచినా వేలికి అంటుకుంటుంది. అనుమానం ఉంటే మూలన తడివేలు ఆనించి చూడండి, పూత ఉన్నవైపు వేలికి కాస్త జిగటగా తగులుతుంది. ప్రింట్ పెట్టెలో కాగితం రకం దగ్గర గ్లాసీ ఫొటో పేపర్ అని తప్పక పెట్టాలి. `Plain paper` అని వదిలేస్తే ప్రింటరు వేరే లెక్కతో సిరా వదిలి ముఖం పాలిపోయినట్టో మచ్చలు మచ్చలుగానో వస్తుంది. ఇంకో జాగ్రత్త: ఇంక్‌జెట్ ఫొటో పేపరును లేజర్ ప్రింటరులో ఎప్పుడూ పెట్టకూడదు. లోపలి వేడికి ఆ పూత కరిగి రోలరుకు అంటుకుంటే మరమ్మతు ఖర్చు ఫొటోల ఖర్చుకు ఎన్నో రెట్లు.

ఆరడానికి కొన్ని గంటలు వదిలేశాక కత్తిరించాలి. కత్తెర వద్దు, దాంతో ఎంత చేయి తిరిగినవాళ్లకైనా అంచు వంకర పోతుంది. కింద మందపాటి అట్ట పెట్టి, స్టీలు స్కేలు ఆనించి, కట్టర్‌తో లాగాలి. ముందు షీటును అడ్డంగా రెండు వరసలుగా విడదీసి, తర్వాత నిలువు కోతలు వేయాలి. ఫొటోకూ ఫొటోకూ మధ్య రెండు మిల్లీమీటర్ల సందు వదిలింది ఇందుకే, ఒక కోత పక్కకు జారినా పక్క ఫొటోకు గాటు పడదు. అతికించేటప్పుడు నీళ్లలాంటి గమ్ము బదులు గ్లూ స్టిక్ వాడితే మంచిది. ఇంట్లోని చాలా ఇంక్‌జెట్ ప్రింటర్ల సిరా తడి తగిలితే చెదురుతుంది.

అమెరికా వీసాకు వెళ్లే పిల్లల ఇళ్లలో ఇదే కాగితం మీద ఇంకో రకం తంటా ఉంటుంది. ఆ ఫొటో రెండంగుళాల చదరం, అందులో తల 25 నుంచి 35 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. నాలుగు బై ఆరు కాగితం మీద రెండంగుళాల చదరాలు ఆరు సరిగ్గా పడతాయి, అదే చిక్కు. ఎక్కడా ఒక్క మిల్లీమీటరు మిగలదు. అంచు నుంచి అంచుకు వేయాలంటే బోర్డర్‌లెస్ పెట్టాలి, పెడితే సైజు పెరుగుతుంది. అంచులు వదిలితే ఒక వరసలో రెండే పడతాయి. ఒకటో రెండో చాలు కాబట్టి రెండింటితో సరిపెట్టుకోవడం మేలు. ఎక్కువ కావాలంటే A4 ఫొటో పేపరు మీద వరసకు మూడేసి వేసుకోవచ్చు.

పాన్ కార్డు కాగితం దరఖాస్తుకు అడిగే 2.5 బై 3.5 సెంటీమీటర్ల ఫొటోకు మాత్రం మొదట్లో మనం కాదన్న నిలువు కాగితమే లాభం. అడ్డంగా పెడితే వరసకు అయిదు, రెండు వరసలు, మొత్తం పది. నిలువుగా పెడితే వరసకు మూడు, నాలుగు వరసలు, పన్నెండు. ఎడమ నుంచి స్థానాలు 11.5, 38.5, 65.5. పైనుంచి 3, 40, 77, 114, పాస్‌పోర్ట్ షీటులో అడ్డానికి వాడిన అంకెలే. కింద చోటు మిగలదు కాబట్టి వంద మిల్లీమీటర్ల గీతను ఈసారి కుడి పక్కన 96 దగ్గర నిలువుగా గీసుకోవాలి.